గల్ఫ్ మెడికల్‌లో హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చింది: ఇది కొత్తగా వచ్చిందా, పాతదా? రిపోర్టు చూసి చెప్పండి

జగిత్యాల_అన్న | మార్చి 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 26 ఏళ్లు. ఖతార్ పోదామని మెడికల్‌కు వెళ్తే హెపటైటిస్ బి ఉందని అన్‌ఫిట్ చేశారు. వాడికి ఒంట్లో ఏ బాధా లేదు, కామెర్లు ఎప్పుడూ రాలేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొలంలో పని చేస్తాడు. నమ్మకం కుదరక కరీంనగర్‌లో వేరే ల్యాబ్‌లో రక్తం ఇచ్చి అన్ని పరీక్షలూ చేయించాం. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

హెచ్‌బీఎస్ ఏజీ 2846, రియాక్టివ్
యాంటీ హెచ్‌బీఎస్ 0.8, నాన్ రియాక్టివ్
యాంటీ హెచ్‌బీసీ ఐజీఎమ్ 0.07, నాన్ రియాక్టివ్
యాంటీ హెచ్‌బీసీ టోటల్, రియాక్టివ్
హెచ్‌బీఈ ఏజీ 0.3, నాన్ రియాక్టివ్
యాంటీ హెచ్‌బీఈ 0.02, రియాక్టివ్
ఎస్‌జీపీటీ 27

డీఎన్ఏ పరీక్ష కూడా ఇచ్చాం, వారం పడుతుందట. చూపిస్తే డాక్టర్ గారు రెండు నిమిషాల్లో చూసి "ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించుకుని రా" అన్నారు, ఎందుకో చెప్పలేదు. ఏజెంటేమో మూడు నెలలు మందు వాడితే పోతుంది, తర్వాత వేరే సెంటర్‌లో మెడికల్ చేయిస్తా, దానికి ఇంత అవుతుంది అంటున్నాడు. ఇంట్లో అమ్మ వాడికి కంచం, గ్లాసు వేరే పెట్టేసింది, వాడు దానికే ఎక్కువ బాధ పడుతున్నాడు. పోయిన ఏడాదే పెళ్లయింది. ఇది ఎప్పుడు వచ్చింది, ఏ దశలో ఉంది, పోతుందా పోదా, తెలిసినవాళ్లు చెప్పండి.

వెంకట్_షార్జా | మార్చి 4, రాత్రి 11:15

అన్నా టెన్షన్ పడకు. నా రూమ్‌మేట్‌కు ఇలాగే వచ్చింది కాబట్టి నాకు కొంచెం తెలుసు. హెచ్‌బీఈ ఏజీ నెగెటివ్ అంటే వైరస్ జోరు తగ్గింది, ఇంకొకరికి అంటించే శక్తి కూడా తక్కువ. దాని మీద యాంటీబాడీ కూడా వచ్చేసింది, అంటే ఒంట్లో పోరాటం అయిపోయి నయమయ్యే దారిలో ఉన్నాడన్నమాట. మిగిలింది ఆ 2846, అది రక్తంలో ఉన్న వైరస్ సంఖ్య. అది నెలనెలా తగ్గుతూ 1 కిందికి వస్తే నెగెటివ్ అవుతుంది. నెలకోసారి చేయించి చూడండి. ఇంకోటి, యాంటీ హెచ్‌బీఈ 0.02 పెట్టి రియాక్టివ్ అని రాశారు చూడు, అది ల్యాబ్ వాళ్ల టైపింగ్ తప్పు అయి ఉంటుంది, ఒకసారి అడుగు.

బ్లడ్‌బ్యాంక్_అక్క | మార్చి 5, ఉదయం 6:50

నేను మైక్రోబయాలజీ, విశాఖలో బ్లడ్ బ్యాంక్‌లో పని చేస్తాను, రోజూ చూసేవి ఈ రిపోర్టులే. వెంకట్ గారు హెచ్‌బీఈ ఏజీ నెగెటివ్ గురించి చెప్పిన వాక్యం చాలావరకు నిజమే. మిగతావి అలా కాదు, ఒక్కొక్కటి చెప్తాను.

ముందు ఆ 0.02 సంగతి. అది టైపింగ్ తప్పు కాదు. యాంటీ హెచ్‌బీఈని చాలా మెషీన్లు తలకిందులుగా కొలుస్తాయి, అంటే రక్తంలో ఆ యాంటీబాడీ ఎంత ఎక్కువ ఉంటే మెషీన్‌కు వచ్చే సిగ్నల్ అంత తగ్గుతుంది. అందుకని అక్కడ 1 కంటే తక్కువ వస్తేనే రియాక్టివ్. కొన్ని కంపెనీల కిట్లలో యాంటీ హెచ్‌బీసీ టోటల్ కూడా ఇంతే. హెచ్‌బీఎస్ ఏజీ, అంటే వైరస్ పై పొర ప్రోటీన్, దానికి మాత్రం 1 దాటితే రియాక్టివ్. ఒకే కాగితం మీద రెండు రకాలూ ఉంటాయి కాబట్టి అంకె చూసి మనమే తేల్చుకోకూడదు, పక్కన రాసిన మాటను, ఆ వరుసలో ఇచ్చిన హద్దును చూడాలి. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడి ల్యాబ్‌కు ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటారు.

2846 వైరస్ లెక్క కాదు. ఇది రియాక్టివా కాదా అని తేల్చే పరీక్ష, ఆ అంకె రోగి శాంపిల్ సిగ్నల్‌ను హద్దు సిగ్నల్‌తో భాగిస్తే వచ్చింది. ఒక స్థాయి దాటాక అది పెద్దగా పెరగదు కూడా. 2846 ఉన్న మనిషిలో వైరస్ చాలా తక్కువ ఉండొచ్చు, 900 ఉన్న మనిషిలో కోట్లలో ఉండొచ్చు. నెలనెలా చేయించి తగ్గిందా పెరిగిందా అని చూడటం దండగ. ఆ అంకె పనికొచ్చేది ఒక్కచోట, 1.2, 1.8 అలా హద్దు దగ్గర వచ్చినప్పుడు. అప్పుడు అది నిజమైన పాజిటివేనా అని ఇంకో పద్ధతిలో రూఢి చేసుకోవాలి. వేలల్లో వచ్చాక ఆ అనుమానం అక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న, కొత్తదా పాతదా. అది చెప్పేది యాంటీ హెచ్‌బీసీ ఐజీఎమ్, అంటే వైరస్ లోపలి భాగం మీద మొదట పుట్టే యాంటీబాడీ. ఈ వైరస్ కొత్తగా సోకినప్పుడు, ముఖ్యంగా లివర్ వాచిన సమయంలో, యాంటీ హెచ్‌బీసీ ఐజీఎమ్ గట్టిగా పాజిటివ్ వస్తుంది, ఆరు నెలల దాకా ఉంటుంది. మీ తమ్ముడిది 0.07, అంటే లేనట్టే. టోటల్ మాత్రం రియాక్టివ్. అంటే వైరస్ వచ్చి చాలాకాలం అయింది, వచ్చింది పోలేదు. లివర్ దెబ్బను చూపే ఎస్‌జీపీటీ 27 కూడా దానికి సరిపోతుంది, కొత్తగా సోకి లివర్ వాచి ఉంటే అది వందల్లోకో వేలల్లోకో వెళ్లేది. నా ఉద్దేశంలో ఇది చిన్నప్పుడు, బహుశా పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉంటుంది.

ఆరు నెలలు ఎందుకన్నారంటే, హెచ్‌బీఎస్ ఏజీ ఆరు నెలలు దాటి పాజిటివ్‌గా ఉంటేనే దీర్ఘకాలికం అని పుస్తకం ప్రకారం రాస్తారు. కానీ ఈ రిపోర్టు చూస్తే ఆ జవాబు ఇప్పుడే తెలిసిపోతోంది. ఆరు నెలలు ఊరికే కూర్చోవద్దు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే డీఎన్ఏ రిపోర్టు రానివ్వండి.

ఇంకో ముఖ్యమైన మాట. అమ్మగారికీ మీకూ హెచ్‌బీఎస్ ఏజీ చేయించండి. తమ్ముడి భార్యకు చేయించి, నెగెటివ్ అయితే, యాంటీబాడీ కూడా లేకపోతే, టీకా మొదలుపెట్టించండి. కంచం, గ్లాసు వేరు చేయడం అనవసరం, ఇది అన్నం నీళ్ల ద్వారా అంటదు. వేరుగా ఉండాల్సినవి గడ్డం గీసుకునే బ్లేడు, టూత్‌బ్రష్.

రమణ_కాకినాడ | మార్చి 5, ఉదయం 10:05

నాకూ ఇదే సమస్య అండి. మా పాప నర్సింగ్ రెండో సంవత్సరం, హెచ్‌బీఎస్ 6.2 వచ్చింది, కాలేజీలో అడుగుతున్నారు. టీకాలు మూడూ వేయించాం, చిన్నప్పుడు. వైరస్ ఒంట్లోకి వచ్చినట్టేనా? మందు వాడాలా?

బ్లడ్‌బ్యాంక్_అక్క | మార్చి 5, మధ్యాహ్నం 1:30

రమణ గారూ, మీ పాప రిపోర్టు ఒకసారి మళ్లీ చూడండి, పేరు ముందు "యాంటీ" అని ఉంటుంది. అది వైరస్‌ను వెతికే పరీక్ష కాదు, టీకా వల్ల వచ్చిన రక్షణను కొలిచేది. 10 ఉంటే చాలు అంటారు, పాపకు 6.2 ఉంది. చిన్నప్పుడు వేయించిన టీకాకు ఇన్నేళ్లలో అంత తగ్గడం మామూలే. ఆసుపత్రిలో పని చేయబోతోంది కాబట్టి ఒక డోసు వేయించి నెల, రెండు నెలల మధ్య మళ్లీ అదే పరీక్ష చేయించండి, చాలామందికి బాగా పైకి లేస్తుంది. లేవకపోతే మిగతా డోసులు వేస్తారు. అయితే ఒక్క జాగ్రత్త, టీకా వేసిన వెంటనే హెచ్‌బీఎస్ ఏజీ పరీక్షకు వెళ్లొద్దు. టీకాలో ఉండేది ఆ పై పొర ప్రోటీనే, అందుకని రెండు మూడు వారాల పాటు ఉత్తుత్తి పాజిటివ్ కనిపించే అవకాశం ఉంది. రక్తదానానికి వచ్చినవాళ్లను టీకా ఎప్పుడు వేయించుకున్నారని అడిగేది అందుకే.

జగిత్యాల గారూ, తమ్ముడు మెడికల్‌కు ముందు టీకా ఏమీ వేయించుకోలేదు కదా? వేయించుకున్నా 2846 రాదు, యాంటీ హెచ్‌బీసీ అసలు రాదు, ఆ యాంటీబాడీ టీకా వల్ల పుట్టదు. అయినా అడుగుతున్నా.

జగిత్యాల_అన్న | మార్చి 5, సాయంత్రం 7:20

లేదు మేడమ్, మాలో ఎవరికీ ఈ టీకా లేదు. అమ్మకు మీరు చెప్పిన కంచం సంగతి చదివి వినిపించాను. వాళ్లిద్దరి పరీక్షలు, నాది కూడా ఈ వారంలోనే చేయిస్తా.

సుబ్బు_అనంత | మార్చి 6, రాత్రి 8:10

అందరూ పరీక్షల గురించే మాట్లాడుతున్నారు, నేను చూసింది చెప్తాను. మా చిన్నాన్న కొడుక్కి రెండేళ్ల కిందట కళ్లు పచ్చబడి, అన్నం సయించక, ఆసుపత్రిలో హెపటైటిస్ బి అన్నారు. ఇంగ్లీషు మందు వద్దని ఊళ్లో పసరు పోయించాం, పథ్యం చేశాడు, ఉప్పు కారం లేకుండా. నాలుగు నెలలకు పరీక్ష చేయిస్తే నెగెటివ్. కాగితం ఉంది మా దగ్గర. కళ్లతో చూసిన దాన్ని ఎలా కాదంటారు? ఆ ఏజెంట్ మందుకు డబ్బు పోసే బదులు ఒకసారి పసరు ప్రయత్నించమనే నా సలహా.

బ్లడ్‌బ్యాంక్_అక్క | మార్చి 6, రాత్రి 9:35

సుబ్బు గారూ, మీరు చూసింది నిజమే, కాదనను. ఆ మొదటి రిపోర్టు మీ దగ్గరుంటే అందులో ఎస్‌జీపీటీ ఎంత, యాంటీ హెచ్‌బీసీ ఐజీఎమ్ ఏమని ఉంది చూసి చెప్తారా?

సుబ్బు_అనంత | మార్చి 7, ఉదయం 8:00

ఎస్‌జీపీటీ 1840. ఐజీఎమ్ రియాక్టివ్, 24 అని ఉంది. బిలిరుబిన్ 9.

బ్లడ్‌బ్యాంక్_అక్క | మార్చి 7, ఉదయం 9:10

చూశారా, ఇది పూర్తిగా వేరే చిత్రం. అతనిది పెద్దయ్యాక కొత్తగా సోకింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కొత్తగా సోకితే వందలో తొంభై ఐదు మంది దాకా ఏ మందూ లేకుండానే వైరస్‌ను వదిలించుకుంటారు. ముందు హెచ్‌బీఎస్ ఏజీ పోతుంది, తర్వాత యాంటీ హెచ్‌బీఎస్ వస్తుంది. నాలుగు నెలలకు నెగెటివ్ రావడం మామూలుగా జరిగేదే, పసరు పోసినా పోయకపోయినా. పుట్టినప్పుడు సోకితే లెక్క తిరగబడుతుంది, వందలో తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. ఊళ్లో పసరుకు పేరొచ్చిందంటే, ఎక్కువగా కళ్లు పచ్చబడినవాళ్లే అక్కడికి వెళ్తారు, కళ్లు పచ్చబడేది ఎక్కువగా కొత్తగా సోకినవాళ్లకే, వాళ్లు ఎలాగూ బాగవుతారు. ఇక్కడి అబ్బాయికి ఐజీఎమ్ లేదు, కామెర్లు లేవు. ఏ పసరు పోసినా ఆ హెచ్‌బీఎస్ ఏజీ పోదు.

ఐజీఎమ్‌కు ఒక పరిమితి ఉంది, అది కూడా చెప్పాలి. పాత ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి వైరస్ మళ్లీ రేగి లివర్ వాస్తే ఐజీఎమ్ కొద్దిగా పాజిటివ్ వస్తుంది, అంటే 2, 3 అలా. అప్పుడు కొత్తదని పొరబడతారు. 24 అంటే మాత్రం ఆ అనుమానానికి పెద్దగా చోటు లేదు, పైగా తర్వాత నెగెటివ్ అయిందంటున్నారు.

సుబ్బు_అనంత | మార్చి 7, మధ్యాహ్నం 12:45

మీరు చెప్పిన లెక్క అర్థమైంది. పసరు వల్ల కాదని మాత్రం ఒప్పుకోలేను, మా తాత కాలం నుంచి చూస్తున్నాం.

గ్యాస్ట్రో_నెల్లూరు | మార్చి 8, రాత్రి 10:20

నేను గ్యాస్ట్రో డాక్టర్‌ని. సుబ్బు గారితో వాదించను గానీ ఒక్క మాట. ఆ వాపు ఉన్న రోజుల్లో లివర్ మీద భారం పడే పసరు ఏది పడినా ప్రమాదమే, కొత్తగా సోకినవాళ్లలో కొద్దిమందికి లివర్ ఒక్కసారిగా పూర్తిగా దెబ్బతింటుంది. రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్ష, అదే ఐఎన్ఆర్, ఆ రోజుల్లో పదేపదే చేసేది అందుకే. మీ వాడికి ఏమీ కాలేదు, సంతోషం.

జగిత్యాల గారూ, ఏజెంట్ చెప్పిన మూడు నెలల కోర్సు గురించి. ఇప్పుడున్న మందులు టెనోఫోవిర్, ఎంటెకావిర్. అవి వైరస్ పెరగకుండా గట్టిగా ఆపుతాయి, డీఎన్ఏ కనిపించనంతగా తగ్గిస్తాయి. కానీ హెచ్‌బీఎస్ ఏజీని తీసేయలేవు. మందు వాడినా వాడకపోయినా హెచ్‌బీఎస్ ఏజీ పూర్తిగా పోయేది ఏడాదికి వందలో ఒకరికి, అంతకంటే తక్కువ కూడా. హెపటైటిస్ బికి గల్ఫ్ మెడికల్‌లో చూసేది ఆ ఒక్క పరీక్షే. మూడు నెలల్లో నెగెటివ్ చేస్తానన్నవాడు మందు అమ్మడం లేదు, పరీక్షకు వేరేవాళ్ల రక్తం ఇప్పించే ఏర్పాటు అమ్ముతున్నాడు. అక్కడికి వెళ్లాక మళ్లీ పరీక్ష ఉంటుంది, అప్పుడు తిప్పి పంపితే అప్పులన్నీ మిగిలిపోతాయి.

వెంకట్_షార్జా | మార్చి 9, ఉదయం 7:30

డాక్టర్ గారు చెప్పింది కరెక్ట్, ఇక్కడికొచ్చి మెడికల్‌లో ఆగిపోయి వెనక్కి వెళ్లినవాళ్లను చూశాను. కానీ నా డౌట్ తీరలేదు. యాంటీ హెచ్‌బీఈ యాంటీబాడీయే కదా. యాంటీబాడీ వచ్చాక కూడా రోగం ఉందంటే ఎలా?

బ్లడ్‌బ్యాంక్_అక్క | మార్చి 9, ఉదయం 9:00

ఈ వైరస్ మూడు భాగాల మీద మూడు రకాల యాంటీబాడీలు పుడతాయి, మూడింటి అర్థం ఒకటి కాదు. వైరస్ పోయిందని చెప్పేది పై పొర మీద వచ్చేది ఒక్కటే, యాంటీ హెచ్‌బీఎస్. మిగతా రెండూ వైరస్ ఒంట్లో ఉన్నా కూడా ఉండొచ్చు. హెచ్‌బీఈ ఏజీ పోయి యాంటీ హెచ్‌బీఈ వచ్చిందంటే ఎక్కువమందిలో వైరస్ తక్కువ స్థాయిలో అణిగి ఉంటుంది, అది మంచి మార్పే. కానీ కొందరిలో వైరస్ తన జన్యువులో చిన్న మార్పు చేసుకుని ఆ హెచ్‌బీఈ ఏజీని తయారు చేయడమే మానేస్తుంది, పెరగడం మాత్రం మానదు. అప్పుడు కూడా రిపోర్టులో హెచ్‌బీఈ ఏజీ నెగెటివ్, యాంటీ హెచ్‌బీఈ పాజిటివ్ అనే కనిపిస్తుంది. మన దేశంలో ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. ఈ రెండు రకాల మనుషులనూ ఆ కాగితం విడదీయలేదు. డీఎన్ఏ, ఎస్‌జీపీటీ కలిపి చూడాలి, అదీ ఒక్కసారి కాదు.

జగిత్యాల_అన్న | మార్చి 12, రాత్రి 8:45

తమ్ముడి డీఎన్ఏ వచ్చింది, 640 ఐయూ అని ఉంది. పొట్ట స్కానింగ్ నార్మల్. మరదలికి హెచ్‌బీఎస్ ఏజీ నెగెటివ్, యాంటీబాడీ కూడా లేదు, మొదటి టీకా వేయించాం. నాకూ అమ్మకూ రక్తం ఇచ్చాం.

గ్యాస్ట్రో_నెల్లూరు | మార్చి 12, రాత్రి 11:00

640 అంటే తక్కువ. 2000 లోపు డీఎన్ఏ, మామూలు ఎస్‌జీపీటీ, హెచ్‌బీఈ ఏజీ నెగెటివ్, ఈ మూడూ కలిస్తే వైరస్ అణిగి ఉన్న దశ అంటాం. ఇప్పటికి మందు అక్కర్లేదు. కానీ ఈ దశ అని ముద్ర వేయడానికి ఒక్క రిపోర్టు చాలదు, ఎందుకంటే ఇందాక అక్క చెప్పిన రెండో రకంలో డీఎన్ఏ ఒక నెల తగ్గి ఇంకో నెల లేస్తుంది. మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి ఎస్‌జీపీటీ, దాంతో డీఎన్ఏ చూసి, ఏడాదంతా అలాగే ఉంటే అప్పుడు నమ్ముతాం.

జగిత్యాల_అన్న | మార్చి 21, మధ్యాహ్నం 2:15

రిపోర్టులు వచ్చాయి, చేతులు ఆడటం లేదు. అమ్మకు కూడా ఉంది. అమ్మకు 52 ఏళ్లు. హెచ్‌బీఎస్ ఏజీ రియాక్టివ్ రాగానే మిగతావి కూడా చేయమన్నాం. హెచ్‌బీఈ ఏజీ నాన్ రియాక్టివ్, యాంటీ హెచ్‌బీఈ రియాక్టివ్, అచ్చం తమ్ముడిలాగే. ఎస్‌జీపీటీ 61. డీఎన్ఏ 48,000. ప్లేట్‌లెట్లు లక్షా 42 వేలు. అమ్మకు అలసట తప్ప ఏ బాధా లేదు, అదీ వయసు వల్ల అనుకున్నాం.

నాది మాత్రం వింతగా ఉంది. హెచ్‌బీఎస్ ఏజీ నెగెటివ్. యాంటీ హెచ్‌బీఎస్ 112. యాంటీ హెచ్‌బీసీ టోటల్ రియాక్టివ్. నేను టీకా వేయించుకోలేదు కదా, యాంటీబాడీ ఎక్కడిది?

బ్లడ్‌బ్యాంక్_అక్క | మార్చి 21, సాయంత్రం 4:00

ముందు మీది చెప్తాను, భయపడాల్సింది ఏమీ లేదు. టీకా వల్ల వచ్చిన యాంటీబాడీ అయితే యాంటీ హెచ్‌బీసీ ఉండదు. మీకు రెండూ ఉన్నాయి, అంటే వైరస్ మీకూ ఎప్పుడో వచ్చింది, మీకు తెలియకుండానే వెళ్లిపోయింది. టీకా అక్కర్లేదు, మందు అక్కర్లేదు. ఒక్కటి మాత్రం రాసి పెట్టుకోండి. ముందు ముందు ఎప్పుడైనా క్యాన్సర్ మందో, రిటుక్సిమాబ్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే ఇంజెక్షనో తీసుకోవాల్సి వస్తే ఈ రిపోర్టు డాక్టర్‌కు చూపించాలి. లివర్ కణాల్లో ఆ వైరస్ ఆనవాలు ఉండిపోతుంది, అలాంటి మందుల కింద మళ్లీ లేవొచ్చు.

అమ్మగారి విషయం డాక్టర్ గారు చెప్తే బాగుంటుంది. నాకు కనిపిస్తున్నది ఏమిటంటే, తల్లీ కొడుకుల యాంటీబాడీల వరుస ఒక్కటే, కానీ డీఎన్ఏ, ఎస్‌జీపీటీ చూస్తే ఇద్దరూ వేర్వేరు దశల్లో ఉన్నారు.

గ్యాస్ట్రో_నెల్లూరు | మార్చి 21, రాత్రి 9:50

అవును. ఈ ఇంట్లో ముందు చికిత్స కావాల్సింది అమ్మగారికి. హెచ్‌బీఈ ఏజీ లేకపోయినా డీఎన్ఏ 48,000, ఎస్‌జీపీటీ 61. వైరస్ పెరుగుతోంది, లివర్ దెబ్బ తింటోంది. ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపు ఉండటం నాకు నచ్చలేదు, లివర్ గట్టిపడుతున్నప్పుడు అవి నెమ్మదిగా తగ్గుతాయి. ఫైబ్రోస్కాన్ చేయించండి, నొప్పి ఉండదు, పక్కటెముకల మీద పరికరం ఆనించి లివర్ ఎంత గట్టిగా ఉందో చూస్తారు. 7 దాటితే మచ్చలు పడినట్టు, 12.5 దాటితే సిరోసిస్ అనుకుని చూస్తాం. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువ చూపిస్తుంది, 61 వల్ల మరీ తేడా రాదు.

డబ్బు గురించి వెనకాడొద్దు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, టెనోఫోవిర్ ఉచితం. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ కేంద్రం ఎక్కడుందో అడగండి. మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూస్తారు, కిడ్నీల కోసం. మొదలుపెట్టాక మాత్రం బాగుందని సొంతంగా ఆపకూడదు, ఆపితే వైరస్ ఎగిసి లివర్ ఒక్కసారిగా వాచొచ్చు.

ఇంకో ప్రశ్న, అమ్మగారి తోబుట్టువుల్లో ఎవరికైనా లివర్ జబ్బు, కడుపులో నీళ్లు చేరడం, లివర్ క్యాన్సర్ ఉందా?

జగిత్యాల_అన్న | మార్చి 22, ఉదయం 7:10

మా మేనమామ 45 ఏళ్లకే పోయాడు సార్. కడుపు ఉబ్బి, చివర్లో లోపల గడ్డ ఉందన్నారు. తాగేవాడు, అందుకే అనుకున్నాం. ఈ పరీక్ష ఎవరూ చేయలేదు, కాగితాలు కూడా లేవు.

జగిత్యాల_అన్న | జూన్ 18, రాత్రి 9:05

చాలా రోజులైంది, అప్‌డేట్ ఇస్తున్నా. అమ్మకు ఫైబ్రోస్కాన్ 10.2 వచ్చింది, ఏప్రిల్ నుంచి టెనోఫోవిర్ రోజుకొకటి, ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఇస్తున్నారు. మొన్న ఎస్‌జీపీటీ 39కి దిగింది. ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకోమన్నారు. పిన్నికీ పెద్దమ్మకూ పరీక్షలు చేయించాం, పిన్నికి కూడా ఉంది, ఆమెను అక్కడే చూపిస్తున్నాం.

ఇప్పుడు తమ్ముడి సంగతి. మళ్లీ చేయిస్తే డీఎన్ఏ 3,400, ఎస్‌జీపీటీ 38. ఫైబ్రోస్కాన్ 5.4. ల్యాబ్ కాగితం మీద ఎస్‌జీపీటీ హద్దు 45 అని ఉంది కాబట్టి నార్మల్ అని రాశారు. ఒక డాక్టర్ గారు మందు మొదలుపెడదాం అన్నారు, ఇంకొకరు ఆగుదాం అన్నారు. ఎవరి మాట వినాలి?

గ్యాస్ట్రో_నెల్లూరు | జూన్ 18, రాత్రి 11:30

ఇద్దరూ తప్పు కాదు. ఎస్‌జీపీటీకి ల్యాబ్ వేసే హద్దు ఒకటి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు చెప్పేది ఇంకొకటి, అందులో మగవాళ్లకు 30, ఆడవాళ్లకు 19. ఆ హద్దు ప్రకారం 38 ఎక్కువే, డీఎన్ఏ 2000 దాటింది, కాబట్టి మందు మొదలుపెట్టొచ్చు. 2017 యూరప్ మార్గదర్శకాల్లో హద్దు 40 చుట్టూ ఉంది, దాని ప్రకారం 38 మామూలే, లివర్ మెత్తగానే ఉంది, కాబట్టి గమనించొచ్చు. ఇలా రెండు గడుల మధ్య పడేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు దశ పేరు పెట్టడం కష్టం.

నన్ను అడిగితే మొదలుపెడతాను. కారణం ఆ మేనమామ. లివర్ క్యాన్సర్ ఇంట్లో ఉంటే మిగతా అంకెలు తక్కువున్నా మందు ఇవ్వమంటారు.

బ్లడ్‌బ్యాంక్_అక్క | జూన్ 19, ఉదయం 6:40

డాక్టర్ గారి మాటకు ఎదురు చెప్పడం కాదు గానీ, మేనమామకు ఉన్నది లివర్ క్యాన్సరేనని, అది హెపటైటిస్ బి వల్లేనని మనకు తెలియదు కదా. 26 ఏళ్ల కుర్రాడు, పెళ్లయి ఏడాది దాటింది, ఒకసారి మొదలుపెడితే ఏళ్ల తరబడి వాడాలి. 640 నుంచి 3,400కు పెరగడం కూడా పెద్ద గెంతేం కాదు, రెండూ తక్కువ స్థాయిలే. పైగా రెండు పరీక్షలూ ఒకే ల్యాబ్‌లో చేశారా? వేర్వేరు ల్యాబ్‌ల డీఎన్ఏ అంకెల్లో రెండు మూడు రెట్ల తేడా వైరస్‌లో మార్పు లేకపోయినా రావొచ్చు. ఎస్‌జీపీటీ కూడా ముందు రోజు గట్టిగా ఒళ్లు వంచి పని చేస్తే కాస్త పెరుగుతుంది. నేనైతే సెప్టెంబర్‌లో అదే ల్యాబ్‌లో, రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాక, మూడో రిపోర్టు చూసి నిర్ణయించమంటాను.

గ్యాస్ట్రో_నెల్లూరు | జూన్ 19, ఉదయం 8:15

అదే ల్యాబ్ అన్న మాట సరైనదే. మూడు నెలలు ఆగితే ఈ అబ్బాయికి నష్టం జరగదు, అది ఒప్పుకుంటాను. మేనమామ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారదు. అమ్మగారికి, పిన్నిగారికి ఇద్దరికీ వైరస్ ఉన్న ఇంట్లో 45 ఏళ్లకు గడ్డతో పోయినవాడికి అది లేదనుకోవడం కష్టం.

జగిత్యాల_అన్న | జూన్ 19, రాత్రి 8:30

మొదటిది కరీంనగర్‌లో, రెండోది హైదరాబాద్‌లో చేయించాం మేడమ్. వరి కోతలు, వడ్లు మోయడం ఆ ముందు వారం కూడా ఉన్నాయి. సెప్టెంబర్‌లో కరీంనగర్‌లోనే మళ్లీ చేయిస్తా. ఆ కాగితంతో ఇద్దరు డాక్టర్ల దగ్గరికీ మళ్లీ వెళ్తాం. మరదలికి మూడో టీకా కూడా సెప్టెంబర్‌లోనే ఉంది, అది వేశాక నెల ఆగి యాంటీబాడీ చూడాలా, ఇంకా ఆగాలా?

రమణ_కాకినాడ | జూన్ 19, రాత్రి 9:10

మా పాపకు ఒక డోసు తర్వాత 6.2 నుంచి 240 వచ్చింది మేడమ్, కాలేజీలో ఒప్పుకున్నారు. జగిత్యాల గారూ, మాకు ఐదు వారాలకు చేయమన్నారు.

బ్లడ్‌బ్యాంక్_అక్క | జూన్ 20, ఉదయం 6:30

ఒకటి నుంచి రెండు నెలల మధ్య ఎప్పుడైనా సరే. ఆ రోజు యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే కాదు, హెచ్‌బీఎస్ ఏజీ కూడా మళ్లీ చేయించండి. మార్చిలో ఆమె పరీక్ష నెగెటివ్ వచ్చినప్పటికి కొత్తగా సోకి ఉంటే అప్పటికి రక్తంలో కనిపించకపోవచ్చు, ఒక్కోసారి రెండు నెలల దాకా పడుతుంది.